మామిడి కొత్తకు ముందే వెళ్ళిన శుభాకాంక్షలు

పోయినవేమిటో ముందు చెబుతాను. అచ్చయిన కార్డులు వెయ్యి. వాటిలో నూట నలభై అప్పటికే కాఫీ ప్యాకెట్లతో పాటు విశాఖపట్నం దుకాణాలకు వెళ్ళిపోయాయి. మిగిలిన ఎనిమిది వందల అరవై కార్డులకు వెనకవైపు ఖాళీగా ఉండడంతో తూకం చీటీలుగా వాడుకున్నాం. మా సభ్యుల వాట్సాప్ గ్రూపులోంచి ఒకే ఊరివాళ్ళు ఇరవై ఏడు మంది ఒక్క పూటలో బయటికి వెళ్ళిపోయారు. మా మిరియాల ప్యాకెట్ల మీద రెండేళ్ళుగా నవ్వుతున్న ముఖం ఒకటి పోయింది, మళ్ళీ రాలేదు. ఇవి నేను లెక్కకట్టగలిగినవి. కొండమీద ఒక ఆడమనిషి తన వీధిలో తాను తలదించుకుని నడిచిన రోజులు కూడా ఉన్నాయి. వాటిని ఏ ఖాతాలో రాయాలో నాకు తెలియదు.

నేను అరకులో ఒక రైతుల కంపెనీలో లెక్కలు చూస్తాను. మా నాన్న మైదానం నుంచి ఇక్కడికి వచ్చి సంత వీధిలో కిరాణా కొట్టు పెట్టాడు. నేను పదో తరగతి దాటలేదు. లెక్కలు ఎవరూ నేర్పలేదు, కొట్లో కూర్చుని కూడికలు, వడ్డీలు, తూకాలు నాకు నేనే పట్టుకున్నాను. నాన్న పోయాక కొట్టు తీసేసి ఈ కంపెనీలో చేరాను. చుట్టుపక్కల పంతొమ్మిది ఊళ్ళ గిరిజన రైతులు దీనికి యజమానులు. వాళ్ళ కాఫీ, మిరియాలు, పసుపు, తేనె ఒకే పేరుతో ప్యాకెట్లు కట్టి అమ్ముతాం. పేరు అంటూ ఒకటి పెట్టుకున్నాక పండగలకు ఆ పేరుతో శుభాకాంక్షలు చెప్పాలి. సంక్రాంతి, రంజాన్, ఉగాది, ఈస్టర్, దసరా, దీపావళి, క్రిస్మస్. ఒక్కో పండగకు ఒక బొమ్మ, బొమ్మ మీద రెండు వాక్యాలు. ఆ పని చేసేవాళ్ళు దాన్ని క్రియేటివ్ అంటారు. విశాఖపట్నంలో ఒక అమ్మాయి వాటిని తయారుచేసి పంపుతుంది.

పంపిన ప్రతి బొమ్మా ముందు మా ఆఫీసు గ్రూపులోకి వచ్చేది. మార్కెటింగ్ చూసే కుర్రాడు దాన్ని సరిచూసేవాడు. కంపెనీ గుర్తు సరైన మూలలో ఉందా, రంగు మనదేనా, అక్షర దోషాలు ఉన్నాయా, ఫోన్‌లో చూస్తే అక్షరాలు చిన్నవైపోతున్నాయా. అన్నీ సరిపోతే బొటనవేలు గుర్తు పెట్టేవాడు. నేను ఆ గ్రూపులో ఉన్నది నెలాఖరుకు ఎన్ని బొమ్మలు వచ్చాయో లెక్కపెట్టి బిల్లుతో పోల్చడానికి.

ఆ కుర్రాడు విజయనగరం వైపు వాడు. చురుకైనవాడు, మంచివాడు. ఒక వేసవిలో అతనికే ఒక ఆలోచన వచ్చింది. ఊరందరి పండగలకూ మనం శుభాకాంక్షలు చెబుతున్నాం, మనకు కాఫీ పండించే వాళ్ళ పండగకు ఒక్కసారైనా చెప్పామా అని మీటింగులో అడిగాడు. నిజంగానే చెప్పలేదు. మామిడి కొత్తకు చెబుదామన్నాడు. అందరం బాగుందన్నాం.

మామిడి కొత్త అంటే కొండ ఊళ్ళలో కొత్తగా వచ్చిన మామిడిని ముందు ఊరి దేవతకు పెట్టి, ఆ తరవాతే మనుషులు నోట పెట్టుకునే పండగ. చిక్కుడు కాయకు, కొర్రలకు కూడా ఇలాగే కొత్తలు ఉంటాయి. అది అయ్యేదాకా చెట్టు కింద రాలిన పండునైనా ముట్టరు. మా కొట్లో చైత్రమాసంలో కింద నుంచి తెప్పించిన మామిడిపళ్ళు బుట్టలో కనిపిస్తుంటే, కొండ దిగి వచ్చినవాళ్ళు ఉప్పు, కిరసనాయిలు కొనుక్కుని ఆ బుట్టకు దూరంగా జరిగి నిలబడడం నేను చిన్నప్పటి నుంచి చూశాను. ఏ ఊరి కొత్త ఆ ఊరిదే. రోజు పెట్టేది దిసారి. తిథులు, నక్షత్రాలు చూసి ఊరికి మంచిచెడ్డలు చెప్పే పెద్దను ఇక్కడ దిసారి అంటారు. కింద ఊరిలో కొత్త అయిపోయాక వారం, పదిహేను రోజులకు పై ఊరిలో అవుతుంది, ఎందుకంటే పైన చలికి కాయ ఆలస్యంగా ముదురుతుంది.

బొమ్మ వచ్చింది. చూడముచ్చటగా ఉంది. పచ్చటి ఆకుల మధ్య ఒక ఆవిడ దోరపండు కొరుకుతూ నవ్వుతోంది. ఆవిడ డుంబ్రిగుడ దాటాక కొండెక్కితే వచ్చే ఒక ఊరి మనిషి. ఆ ఊరి మహిళా సంఘానికి నాయకురాలు, మా కంపెనీకి అక్కడి ముప్పై ఒక్క కుటుంబాల కాఫీ పోగుచేసి పంపేది ఆవిడే. రెండేళ్ళ కిందట వాళ్ళ పెరట్లో, వాళ్ళ కొత్త అయిపోయాక తీసిన ఫోటో అది. ప్యాకెట్ మీద వేస్తామంటే సరేనంది. అదే రోజు తీసిన వాటిలోంచి ఇది ఏరారు. పైన "మన గిరిజన సోదర సోదరీమణులందరికీ మామిడి కొత్త శుభాకాంక్షలు" అని, కింద "రండి, తొలి పండు రుచి చూద్దాం" అని ఉంది. ఇంకా కింద చిన్న అక్షరాలతో "ఆదిమ ఆచారం, అచ్చమైన రుచి" అని కూడా. గుర్తు సరైన మూలలో ఉంది. అక్షర దోషాలు లేవు. బొటనవేలు పడింది. ప్యాకెట్లలో పెట్టడానికి అదే బొమ్మను వెయ్యి కార్డులుగా అచ్చు కూడా వేయించాం.

అరకు దగ్గర్లోని ఒకటి రెండు ఊళ్ళలో కొత్త జరిగిన మర్నాడు పొద్దున్నే ఆ బొమ్మ పంతొమ్మిది ఊళ్ళకూ వెళ్ళింది. గ్రూపులోకి, కంపెనీ పేజీలోకి, సిబ్బంది స్టేటస్‌లలోకి.

తొమ్మిదిన్నరకు ఆవిడ నాకు ఫోన్ చేసింది. కుర్రాడికి కాదు, నాకు. కాఫీ డబ్బుల విషయం మాట్లాడేది నాతోనే కాబట్టి నా నంబరే ఆవిడకు అలవాటు. కొట్టు రోజుల నుంచీ నన్ను సావుకారూ అనే పిలుస్తుంది.

"సావుకారూ, నా సేత పండు తినిపించేసినారేటి మీరు?" అంది.

ముందు నాకు అర్థం కాలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే కుర్రాడి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి బొమ్మ చూశాను. మీ ఊళ్ళో కొత్త ఎప్పుడు అని అడిగాను. ఇంకా దిసారి రోజు పెట్టనేలేదని, చెట్టు మీద కాయ ఇంకా పూర్తిగా ముదరలేదని చెప్పింది. పొద్దున్న కుళాయి దగ్గర ఎవరో ఫోన్ చూపించారట. ఒకరి నుంచి ఒకరికి వెళ్ళి, ఊరు మొత్తం ఆవిడ పండు కొరకడం చూసేసింది. అది పాత ఫోటో అని ఆవిడ చెబుతూనే ఉంది. కొందరు నమ్మారు. కొందరు నమ్మినట్టు తల ఊపి పక్కకు వెళ్ళి మాట్లాడుకున్నారు.

పది గంటలకల్లా బొమ్మ అన్ని చోట్లా తీసేశాం. ఇంతటితో అయిపోయింది కదా అని కుర్రాడు అనుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి ఆ కొండ మీద వడగళ్ళు పడ్డాయి. కిందటి వారం పడిన జల్లుకు కాఫీ తోటలన్నీ తెల్లగా పూసి ఉన్నాయి. ఆ పూత మీద వడగళ్ళు పడితే ఏమవుతుందో కాఫీ రైతుకు చెప్పనక్కర్లేదు. చైత్రంలో వడగళ్ళు మాకు కొత్త కాదు. అయితే పొద్దున్న ఒక మనిషి కొత్త కాకుండా పండు తిన్నట్టు కనిపించి, సాయంత్రానికి పూత రాలిపోతే, ఆ రెండింటినీ కలపకుండా ఉండడం ఆ ఊరికి కష్టం. సాయంత్రం ఆరు లోపల ఇరవై ఏడు మంది గ్రూపు వదిలేశారు.

మర్నాడు ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడింది. వాళ్ళ ఊళ్ళో కొత్త రోజునే ప్రతి ఇంటి నుంచీ ఒక విత్తనాల బుట్ట తెచ్చి దేవత ముందు పెడతారు. సామలు, రాగులు, కందులు, ఇంట్లో ఏవుంటే అవి. దిసారి అన్నింటి మీదా నీళ్ళు చల్లి తిరిగి ఇస్తాడు. ఆ విత్తనాలు కలిపాకే దుక్కిలో చల్లుతారు. ఈసారి ఆవిడ బుట్ట తేవాలో వద్దో ఊరు కూర్చుని చెబుతుందన్నారట. బుట్ట వద్దంటే ఆ ఏడాది వాళ్ళ ఇంటి విత్తనం ఊరి విత్తనంతో పాటు పడదు. సాయానికి వచ్చేవాళ్ళు రారు. సంఘం నాయకత్వం సంగతి సరేసరి.

"నాను తిన్నది నేదని నాకు తెల్సు. ఊరికి తెలవాల," అని పెట్టేసింది.

ఆ మధ్యాహ్నం మేం కూర్చున్నాం. కుర్రాడు అప్పటికే ఒక క్షమాపణ బొమ్మ చేయించి పెట్టుకున్నాడు. లేత పసుపు రంగు మీద చేతులు జోడించిన గుర్తు. "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నాం. ఆ ఫోటోలోని మహిళ ఎలాంటి తప్పూ చేయలేదు." పంపేయనా అని అడిగాడు. విశాఖపట్నం అమ్మాయి ఫోన్‌లో ఉంది. ఆమే ముందు వద్దంది. ఎవరికి దెబ్బ తగిలిందో మనకు తెలిసినప్పుడు ఎవరి మనోభావాలైనా అని రాయడం బాగోదంది. నాకు రెండో వాక్యం చూసి భయమేసింది. మిగతా పద్దెనిమిది ఊళ్ళలో ఈ గొడవ తెలియనివాళ్ళు ఉన్నారు. ఇది పంపితే ఆవిడ ఏదో చేసిందట అన్న మాట ఆ ఊళ్ళకు కూడా మనమే మోసినట్టు. ఎన్ని ఫోన్లలోకి వెళ్తుందో లెక్కవేసి చెప్పాను. కుర్రాడు ఆ బొమ్మను చెరిపేశాడు. ఏ బొమ్మా వద్దు, మనుషులం వెళ్దామనుకున్నాం.

మర్నాడు ఆఫీసు జీపు ఊరి కింద వాగు దగ్గర ఆగింది. అక్కడి నుంచి నడక. ఊరి మధ్య రాళ్ళు పేర్చిన అరుగు మీద దిసారి కూర్చున్నాడు. ముసలాయన, పలచటి మనిషి, చుట్ట కాలుస్తున్నాడు. చుట్టూ మగవాళ్ళు, కాస్త దూరంగా ఆడవాళ్ళు. ఆవిడ ఆడవాళ్ళలో ముందు వరసలోనే కూర్చుంది. దాక్కోలేదు. మాకు నీళ్ళు ఇచ్చారు. కాఫీ ఇవ్వలేదు. ఆ ఊళ్ళో నాకు కాఫీ ఇవ్వకపోవడం అదే మొదటిసారి.

కుర్రాడు లేచి తెలుగులో నెమ్మదిగా చెప్పాడు. ఫోటో రెండేళ్ళ కిందటిదని, వాళ్ళ కొత్త అయ్యాకే తీశామని, కావాలంటే ఫోటో తీసిన రోజు ఫోన్‌లో కనిపిస్తుందని చూపించబోయాడు. దిసారి ఆ ఫోన్ వైపు చూడలేదు.

"ఎప్పుడు తీసినారో నాకెందుకు బాబూ," అన్నాడు. "ఎప్పుడు సూపించినారు? అది సెప్పు."

కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మొన్న పొద్దున్న అన్నాడు.

"మరి మొన్న మా కొత్త అయినాదేటి?"

"కాలేదు."

"మరైతే తిన్నది అది కాదు. మీ ఆపీసు. మా కొత్తని మాకన్నా ముందు మీరు తినేసినారు."

జనంలో కదలిక వచ్చింది. ఎవరో నవ్వారు కూడా. నేను ఆవిడ వైపు చూశాను. కొంగు సర్దుకుంది, అంతే.

అప్పుడు ఆవిడ మరిది లేచాడు. ఆవిడ అత్తింటివాళ్ళలో ఈ మరిది కుటుంబం ఒక్కటే చర్చికి వెళ్తుంది. ఊళ్ళో అలాంటి ఇళ్ళు ఇంకో అయిదు ఉన్నాయి. తనకూ ఒక మాట ఉందన్నాడు. తమ ఇంట్లో కొత్త చేసుకోరని, దేవత దగ్గరికి బుట్ట పట్టుకెళ్ళరని, అది ఊరికి తెలుసని, ఊరు ఎప్పుడూ అడగలేదని చెప్పాడు. అయినా ఊరి కొత్త అయ్యేదాకా తన పిల్లలను వీధిలో మామిడిపండు తిననివ్వడట.

"ఎవులో అడిగినారని కాదు, నాకే బాగోదు," అన్నాడు. "మీరేటి సేసినారు? గిరిజనులందరికీ అని మమ్మల్ని కూడా అందులో కట్టేసినారు. మా పాస్టరు ఆ బొమ్మ సూసి, మీరు కూడా మొదలెట్టినారేటని నన్నడిగినాడు. మల్లీ ఆదిమ అని ఒకటి. ఆదిమ అంటే ఏటి? నా సేతిలోది స్మార్ట్ ఫోనే కదా."

ఈసారి నవ్వు పెద్దగా వచ్చింది. కుర్రాడు కూడా నవ్వబోయి ఆపుకున్నాడు. నేను ఆ మూడు వాక్యాలనూ మనసులో మళ్ళీ చదువుకున్నాను. మొదటిది ఎవరినీ అడగకుండా అందరినీ ఒక పండగలో కలిపేసింది. రెండోది చేయకూడని పనికి పిలిచింది. మూడోది ఆ పిలిచిన వాళ్ళను వింత వస్తువుల్లా అమ్మింది. ఒక్క వాక్యంలో కూడా దురుద్దేశం లేదు. విశాఖపట్నం అమ్మాయి, కుర్రాడు, నేను ముగ్గురం చదివాం, ముగ్గురికీ బాగుందనిపించింది. ఆ ముగ్గురిలో ఆ పండగ చేసుకునేవాళ్ళు ఎవరూ లేరు, ఆ పండగ జరిగే ఊళ్ళో ఉంటూ చేసుకోనివాళ్ళూ లేరు.

దిసారి తీర్పు చెప్పాడు. తప్పు ఆఫీసుది కాబట్టి తప్పు కట్టాల్సింది ఆఫీసే. దేవతకు ఒక కోడిపెట్ట. అది కట్టేదాకా బొమ్మలో కనబడింది ఆవిడ ముఖం కాబట్టి ఆవిడ బుట్ట ఆగుతుంది. కట్టిన వెంటనే బుట్ట పెట్టుకోవచ్చు, మళ్ళీ ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. కొత్త వచ్చే ఆదివారం అని అక్కడే రోజు కూడా చెప్పేశాడు.

ఒక కోడే కదా అనుకున్నాను. జేబులోంచి డబ్బు తీశాను. సంతలో మంచి నాటుపెట్ట ఎంతుంటుందో నాకు తెలుసు, దానికి రెండింతలు తీశాను. దిసారి చుట్ట పక్కన పెట్టి నా చేతి వైపు చూశాడు.

"కొన్న కోడి కాదు సావుకారూ. తప్పు సేసినోడు పెంచిన కోడి. మీ ఆపీసులో కోళ్ళున్నాయా?"

లేవు. మా ఆఫీసులో రెండు కంప్యూటర్లు, ఒక తూకం యంత్రం, గోనెసంచులు ఉన్నాయి. కోళ్ళు లేవు. గుడ్డులోంచి పిల్ల వచ్చి పెట్టగా ఎదగడానికి అయిదారు నెలలు పడుతుంది. ఆదివారానికి అయిదు రోజులుంది. నేను ఎన్ని విధాలుగా వేసినా ఆ లెక్క కుదరలేదు.

ఆడవాళ్ళలోంచి ఆవిడ లేచింది. తన ఇంటి వైపు నడిచి, కాసేపటికి ఒక ఎర్రపెట్టను చంకలో పెట్టుకుని వచ్చింది. దిసారి ముందు నిలబడి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఆ భాష నాకు సగమే వస్తుంది. ఈ పెట్ట ఇప్పటి నుంచి ఆఫీసుదని, తాను ఆఫీసుకు అప్పుగా ఇచ్చానని చెప్పినట్టు ఆమె మరిది మాకు తెలుగులో చెప్పాడు. దిసారి పెట్టను, మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. అప్పిచ్చిన మనిషి, తీసుకున్న మనిషి ఇద్దరూ ఎదురుగా ఉన్నారు కాబట్టి ఒప్పుకుంటున్నానన్నాడు.

ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"అప్పు సావుకారూ. కొట్టు లెక్కలాగే. మీరు పెంచిందే తేవాల. బేగి తెండి."

ఆదివారం ఆవిడ బుట్ట దేవత ముందు మిగతా బుట్టల వరసలో ఉంది. నేను, కుర్రాడు వెళ్ళాం. మాకు కాఫీ ఇచ్చారు. దేవతకు పెట్టాక కోసిన మామిడి ముక్కల్లో ఒకటి ఆవిడే తెచ్చి కుర్రాడి చేతిలో పెట్టింది. అందరూ తినడం మొదలుపెట్టేదాకా అతను దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో ఫోటో తీయబోతే అతనే వద్దన్నాడు. గ్రూపు వదిలిన ఇరవై ఏడు మందిలో ఇరవై ఆరు మంది ఆ వారంలోనే తిరిగి చేరారు. ఇరవై ఏడో మనిషి ఫోన్ పాడైందని తరవాత తెలిసింది.

ఆవిడ మాత్రం ఒక మాట గట్టిగా చెప్పింది. కాఫీ ఇస్తుంది, సంఘం చూసుకుంటుంది, కానీ ఇకపై ఏ పండగకూ ఏ ప్యాకెట్‌కూ తన ముఖం వాడకూడదు. మిరియాల ప్యాకెట్ మీద ఇప్పుడు మిరియాల తీగ ఉంది.

ఆ తరవాత పండగ బొమ్మలు చూసే పద్ధతి మారింది. ప్రతి బొమ్మా బయటికి వెళ్ళేముందు ఇద్దరి దగ్గరికి వెళ్తుంది. ఒకరు ఆ పండగ చేసుకునేవాళ్ళు, ఒకరు చేసుకోకుండా పక్కింట్లో ఉండేవాళ్ళు. మొదటివాళ్ళు తమ పండగ సరిగ్గా ఉందో లేదో చెబుతారు. రెండోవాళ్ళు తమను అందులోకి లాగారా, బయటికి నెట్టారా అన్నది చెబుతారు. ఇద్దరూ సరేనంటేనే కుర్రాడు బొటనవేలు పెడతాడు. నాకు కూడా ఒక పని పెట్టారు. ఇది ఏ రోజు, ఏ పూట, ఎవరికి వెళ్తుంది అని అడగడం నా వంతు. ఆ మూడూ రాకుండా బొమ్మ కదలదు.

ఇలా చూస్తుంటే మామిడి ఒక్కటే కాదని తెలిసింది. రంజాన్ నెలలో వెళ్ళాల్సిన ఒక బొమ్మలో పొగలు కక్కే కాఫీ కప్పు, "మీ ఉదయం మాతో" అన్న మాట. మా ప్యాకెట్లు కొనే ఒక ముస్లిం దుకాణదారుకు చూపిస్తే ఆయన కోప్పడలేదు. ఉదయం కాకుండా సాయంత్రం అని పెట్టమని, కప్పు పక్కన రెండు ఖర్జూరాలు ఉంటే ఇంట్లో ఇఫ్తారు గుర్తొస్తుందని చెప్పాడు. అలాగే చేశాం, ఆ ఏడాది అన్నింటికన్నా బాగున్న బొమ్మ అదే. క్రిస్మస్ బొమ్మలో "మన రక్షకుడు పుట్టిన రోజు" అని వచ్చింది. కాఫీ కంపెనీ అలా అంటే అది మీ నమ్మకమా, అమ్మకమా అని ఆవిడ మరిది అడిగాడు. "క్రిస్మస్ జరుపుకునే ప్రతి ఇంటికీ మా శుభాకాంక్షలు" అని మార్చాం. గుడ్ ఫ్రైడేకు పూలు చల్లిన శుభాకాంక్షలు తయారైతే, అది దుఃఖపు రోజు, ఏమీ పంపకపోవడమే మర్యాద అని చెప్పిందీ అతనే. ఉగాదికి "తెలుగువారి ఇళ్ళలో" అన్న మాట తీసేశాం. మా రైతుల్లో ఇంట్లో ఒడియా, కువి మాట్లాడుకునేవాళ్ళు చాలామంది. ఉగాది పచ్చడి వాళ్ళకూ ఇష్టమే. దీపావళికి చెడు మీద మంచి గెలుపు అంటూ నల్లటి రాక్షసుడి బొమ్మ వస్తే, ఆ రంగు ఎందుకని మా గోదాములో పనిచేసే ఆవిడ అడిగింది. దీపాలు మాత్రం ఉంచాం. ఆమె ప్రశ్న చెబితే విశాఖపట్నం అమ్మాయి, నేనూ నల్లగానే ఉంటాను, అయినా తోచలేదు అంది.

అన్నిటికీ ఒప్పుకున్నాం అనుకోకండి. ఒకసారి ఇద్దరు చూసిన బొమ్మ ముగ్గురికి, ముగ్గురు చూసింది ఆరుగురికి వెళ్ళి, చివరికి దసరా దాటిపోయాక తిరిగి వచ్చింది. ఎవరికీ నొప్పి కలగకుండా రాద్దామని రాస్తే ఇంకోసారి "ఈ శుభ సందర్భంలో అందరికీ శుభం" అన్న మాట మిగిలింది. అది ఏ పండగకు రాశామో మాకే గుర్తులేదు. మర్యాద అంటే పండగ పేరు చెప్పకపోవడం కాదని అప్పుడు కుర్రాడు అన్నాడు. పేరు చెప్పి, ఎవరిదో వాళ్ళకు చెప్పాలి.

మామిడి కొత్తకు ఇప్పుడు ఒకే రోజున ఏమీ పంపం. బొమ్మలో మనుషులు లేరు, పండు లేదు. మామిడాకులు ఉంటాయి. "మీ ఊరి కొత్త అయిన రోజున మీతో మా సంతోషం" అని ఉంటుంది. ఊరి నుంచి కొత్త అయిందని కబురు వచ్చాక ఆ ఊరికి మాత్రమే వెళ్తుంది. నెల రోజుల పాటు ఒక్కో ఊరికీ వెళ్తూ ఉంటుంది. కిందటేడు పంతొమ్మిది ఊళ్ళూ కబురు పంపాయి. విశాఖపట్నం దుకాణాలకు అసలు పంపం. అది అమ్మకానికి చెప్పేది కాదు.

ఇక అప్పు సంగతి. సంతలో మూడు కోడిపిల్లలు కొని ఆఫీసు వెనక గంప కింద పెట్టాం. రెండింటిని బావురుపిల్లి ఎత్తుకుపోయింది. మూడోది పెద్దదైంది కానీ పుంజు. పెట్టే కావాలంది ఆవిడ. మరుసటి ఏడాది నాలుగు పిల్లలు తెచ్చాం, వానాకాలంలో తెగులుకు నాలుగూ పోయాయి. కుర్రాడు కంచె కట్టించాడు. గుడ్లు పొదిగించాలని చూశాం, కోళ్ళకు ఆఫీసు నచ్చలేదు. సంత రోజున ఆవిడ కనబడినప్పుడల్లా, పెరిగిందా అని అడుగుతుంది. ఇంకా లేదంటాను.

మొన్న సంతలో వడ్డీ సంగతి నేనే ఎత్తాను. ఎర్రపెట్ట బతికి ఉంటే ఈ మూడేళ్ళలో ఎన్ని గుడ్లు పెట్టేదో, వాటిలో ఎన్ని పిల్లలయ్యేవో, ఆ పిల్లలు మళ్ళీ ఎన్నయ్యేవో చెప్పడం మొదలుపెట్టాను. నూట ఇరవై దాటేసరికి ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపేయ్ సావుకారూ. గుడ్లు వొద్దు, పిల్లలు వొద్దు. నానిచ్చినది నాకియ్యి."

ఇవాళ్టికి బాకీ, ఒక కోడిపెట్ట.